"కొంచెం కష్టమేమో" అంటే కుదరదనే: యంత్రానువాదంలో జారిపోయే మర్యాద

జపాన్‌లోని ఒక చిన్న తయారీ సంస్థ నుంచి యంత్ర భాగాలు తెప్పించుకుంటున్న కొనుగోలుదారు ఒకరు ఉన్నారనుకుందాం. ఆయనకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు కొంత వచ్చు, జపనీస్ ఒక్క ముక్క కూడా రాదు. వచ్చే నెలాఖరుకు అందాల్సిన సరుకును ఈ నెలాఖరుకే పంపమని కోరుతూ ఆయన ఉత్తరం రాస్తే, నాలుగు వాక్యాల జవాబు జపనీస్‌లో వచ్చింది. దాన్ని ఫోన్‌లోని అనువాద యాప్‌లో అతికిస్తే తెలుగులో ఇంచుమించు ఇలా కనిపిస్తుంది: "మీ నిరంతర మద్దతుకు ధన్యవాదాలు. డెలివరీ తేదీకి సంబంధించి, ఈ నెలాఖరు కొంచెం కష్టం కావచ్చని నేను భావిస్తున్నాను. మేము దీన్ని అంతర్గతంగా మళ్లీ పరిశీలిస్తాము. అలాగే, మీరు డ్రాయింగ్‌ను తనిఖీ చేయగలిగితే నేను సంతోషిస్తాను."

ఈ అనువాదంలో తప్పని వేలెత్తి చూపడానికి ఒక్క మాట కూడా దొరకదు. భాష కాస్త అతుకులబొంతలా ఉన్నా, ప్రతి మాటకూ మూలంలో ఆధారం ఉంది. అయినా దీన్ని చదివిన కొనుగోలుదారు మూడు నిర్ణయాలకు వస్తాడు. ఇబ్బంది కొంచెమే కాబట్టి గట్టిగా అడిగితే పని జరుగుతుందనేది మొదటిది. సంస్థ మళ్లీ ఆలోచిస్తోంది కాబట్టి కొన్నాళ్లు ఆగి చూడాలనేది రెండోది. డ్రాయింగ్ సంగతి తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చనేది మూడోది. అదే ఉత్తరాన్ని జపనీస్ మాతృభాషగా గల మరో వ్యాపారి చదివితే, ఈ నెలాఖరుకు సరుకు రాదని, దాని గురించి మళ్లీ అడగకపోవడం మంచిదని, డ్రాయింగ్‌ను మాత్రం వెంటనే చూసి పంపకపోతే అసలు తేదీ కూడా వెనక్కి జరుగుతుందని అర్థం చేసుకుంటాడు. విషయం మారలేదు, మాటలూ మారలేదు. ఏ వాక్యానికి ఎంత బరువు ఉందన్నది మాత్రం తలకిందులైంది. గట్టిగా చెప్పినది మెత్తగానూ, తప్పక చేయమన్నది ఇష్టమైతే చేయమన్నట్లుగానూ వినిపించాయి.

యంత్రానువాదంలో మర్యాద పోతుందని అనగానే, పోయేది పైపై మెరుగేనని, అసలు సమాచారం భద్రంగానే చేరుతుందని చాలామంది అనుకుంటారు. పై ఉత్తరం విషయంలో అది నిజం కాదు. అక్కడ "కుదరదు" అనే సమాచారం ఏ నామవాచకంలోనూ, ఏ క్రియలోనూ లేదు. అది పూర్తిగా మర్యాద రూపాల్లోనే ఉంది. ఆ రూపాలను వాచ్యార్థంతో అనువదించినప్పుడు, సమాచారమే మరొకటిగా మారిపోయింది.

రెండో వాక్యాన్ని దగ్గరగా చూస్తే ఇది స్పష్టమవుతుంది. దాని చివరి భాగం జపనీస్‌లో "శోశో ముజుకషీ క తొ జొంజిమసు" అని ఉంటుంది. ఇందులో "శోశో" అంటే కొంచెం, "ముజుకషీ" అంటే కష్టం, "క" అనేది సందేహాన్ని సూచించే ముక్క, "జొంజిమసు" అంటే అనుకోవడాన్ని వినయంగా చెప్పే క్రియ. అంటే అసలు మాటకు మూడు మెత్తని పొరలు చుట్టారు. తెలుగు పాఠకుడు ఆ మూడింటినీ అనిశ్చితి కిందే లెక్కవేస్తాడు: కష్టం కొంచెమే, అదీ కావచ్చు, అదీ ఒక అభిప్రాయమే. వ్యాపార జపనీస్‌లో మాత్రం ఈ పొరలు అనిశ్చితిని కొలవవు. అవతలివారికి నచ్చని మాట చెప్పవలసి వచ్చినందుకు రాసేవారు పడే ఇబ్బందిని అవి తెలుపుతాయి. ఒక కోరికకు జవాబుగా "ముజుకషీ" అనే మాట వచ్చిందంటే, అది సాధారణంగా తిరస్కారమే. "శోశో" దాని పరిమాణాన్ని తగ్గించదు, చెప్పే తీరును మాత్రమే మెత్తబరుస్తుంది.

మూడో వాక్యంలోని "కెంతో ససెతె ఇతదకిమసు" అనే మాట మరింత చిక్కైనది. వాచ్యార్థం చూస్తే, పరిశీలించే అవకాశాన్ని మీ దయవల్ల పొందుతున్నాం అన్నట్లుగా ఉంటుంది. తెలుగువారికి దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు, ఎందుకంటే "చూద్దాం లెండి" అనే మాట మన దగ్గర సరిగ్గా ఈ పనే చేస్తుంది. అప్పు అడిగినవారికో, సిఫారసు అడిగినవారికో "చూద్దాం లెండి" అని జవాబు వస్తే, ఎవరూ ఏదో చూడబోతున్నారని ఎదురుచూడరు. ఆ మాటను యంత్రం మరో భాషలోకి మార్చినప్పుడు "చూద్దాం" అన్నది దాటుతుంది, "లెండి" దాటదు. తీర్పు ఉన్నది ఆ "లెండి"లోనే. అయితే జపనీస్ మాట ప్రతిసారీ తిరస్కారమే అనుకోవడం కూడా పొరపాటే. దాని వెంట ఫలానా రోజులోగా జవాబిస్తామనో, ఫలానా విభాగంతో మాట్లాడుతున్నామనో ఉంటే, అది నిజమైన పరిశీలనే. తేదీ గాని, మనిషి గాని, తర్వాతి అడుగు గాని లేకుండా, అందులోనూ "ముజుకషీ" వెనకాలే వస్తే, అది మర్యాదగా తలుపు మూయడమే. ఈ తేడా ఆ వాక్యంలో ఉండదు, చుట్టూ ఉన్న వాక్యాల్లో ఉంటుంది. అనువాద యంత్రానికి ఇది ఒక పెద్ద ఇబ్బంది.

నాలుగో వాక్యంలో తప్పు ఎదురు దిశలో జరిగింది. "గొకకునిన్ ఇతదకెమసుతొ సైవై దెసు" అనే రూపం, తనిఖీ చేసిపెడితే అదృష్టంగా భావిస్తాం అన్నట్లుగా ఉన్నా, ఆఫీసు ఉత్తరాల్లో అది మామూలుగా పని అప్పగించే వాక్యం. మన ఆఫీసు ఉత్తరాల చివర "తగు చర్య తీసుకోగలరని మనవి" అని రాస్తారు. అందులో మనవి ఎంత ఉంటుందో, ఆదేశం ఎంత ఉంటుందో ఆ ఉత్తరం అందుకున్న గుమాస్తాకు బాగా తెలుసు. పైగా ఈ కోరిక ఉత్తరం చివర, "అలాగే" అని మొదలయ్యే అదనపు వాక్యంలో వచ్చింది. తెలుగులోకి వచ్చేసరికి అది చివర్లో గుర్తొచ్చి చేర్చిన చిన్న సంగతిలా మిగిలింది, ఉత్తరం మొత్తంలో వెంటనే చేయవలసిన పని మాత్రం అదొక్కటే.

మొదటి వాక్యం గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. "ఒసెవ ని నత్తె ఒరిమసు" అనేది ఉత్తరం మొదట్లో ఆనవాయితీగా రాసేది. దాన్ని "మీ నిరంతర మద్దతుకు ధన్యవాదాలు" అని చదివినవారికి, తాము చేయని సాయమేదో గుర్తుచేస్తున్నట్లు అనిపించవచ్చు గాని, దానివల్ల నష్టం లేదు.

ఇప్పటివరకు చెప్పినది మూలంలో ఉండి అనువాదంలో పోయినవాటి గురించి. మూలంలో లేకుండా అనువాదంలో వచ్చి చేరేవి ఇంకొకరకం. వీటి గురించి మాట్లాడేవారు తక్కువ గాని, ఇవే ఎక్కువ ప్రమాదకరమని చెప్పాలి, ఎందుకంటే ఉన్నది కనిపించకపోవడం కన్నా, లేనిది ఉన్నట్లు కనిపించడం మనిషిని త్వరగా దారి తప్పిస్తుంది. జపనీస్‌లో కర్తను చెప్పకుండానే వాక్యం నడుస్తుంది. పై ఉత్తరంలో "నేను" గాని "మేము" గాని ఎక్కడా లేవు. రెండో వాక్యంలో "నేను భావిస్తున్నాను" అని, మూడో వాక్యంలో "మేము పరిశీలిస్తాము" అని కర్తలను తెచ్చిపెట్టింది యంత్రమే. విడివిడిగా చూస్తే రెండూ తగిన ఊహలే. రెండింటినీ వరుసగా చదివితే మాత్రం ఒక కొత్త కథ పుడుతుంది: ఉత్తరం రాసిన ఉద్యోగికి వ్యక్తిగతంగా సందేహం ఉంది, కాని సంస్థ వేరుగా ఆలోచించవచ్చు. అలా చదివిన కొనుగోలుదారు ఆ ఉద్యోగిని దాటి పైఅధికారికి నేరుగా ఉత్తరం రాస్తే ఆశ్చర్యం లేదు. తన మాట సంస్థ మాటగా చెప్పిన ఉద్యోగికి అది ఎంత ఇబ్బందో ఊహించవచ్చు.

తెలుగు ఈ విషయంలో యంత్రాన్ని ఇంకా ఇరుకున పెడుతుంది, ఎందుకంటే తెలుగులో గౌరవం చెప్పకుండా వాక్యం పూర్తికాదు. ఎదుటి మనిషిని నువ్వు అనాలో మీరు అనాలో, అక్కడ లేని మనిషి వచ్చాడో వచ్చారో తేలకుండా క్రియను ముగించలేం. మాట్లాడేవారు వినేవారిని కలుపుకొని మనం అంటున్నారో, వదిలేసి మేము అంటున్నారో తేలకుండా సర్వనామాన్ని రాయలేం. "వచ్చే వారం సమావేశమై నిర్ణయిస్తాం" అనే వాక్యానికి ముందు "మనం" ఉంటే చదివేవారిని పిలిచినట్లు, "మేము" ఉంటే పిలవనట్లు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకటే మాట. జపనీస్‌లో తరచూ ఆ మాట కూడా ఉండదు. మూలంలో తేడా లేనప్పుడు యంత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకున్నాక అది ఊహ అని గుర్తు పెట్టదు. చదివేవారికి అది ఉత్తరం రాసినవారి మాటగానే కనిపిస్తుంది.

పైఅధికారుల ప్రస్తావన వచ్చినప్పుడు ఇది మరో మలుపు తిరుగుతుంది. తెలుగులో గౌరవం మనిషిని అంటిపెట్టుకొని ఉంటుంది: మేనేజరు గారి గురించి ఎవరితో మాట్లాడినా "చెప్పారు" అనే అంటాం. జపనీస్‌లో గౌరవం ఎవరితో మాట్లాడుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. సొంత సంస్థలో ఎంత గౌరవంగా మాట్లాడినా, బయటివారితో మాట్లాడేటప్పుడు తమ అధికారిని కూడా తమ వైపు మనిషిగా లెక్కగట్టి, గౌరవ రూపం తీసేసి, వినయ రూపం వాడతారు. అందుకే "మా విభాగాధిపతి ఇలా అన్నారు" అనాల్సిన చోట "మోషితె ఒరిమశిత" అని, తమను తాము తగ్గించుకొనే క్రియ వాడతారు. ఆ తగ్గింపు నిజానికి ఉత్తరం అందుకునేవారికి ఇచ్చే గౌరవం. అది తెలుగులో "మా మేనేజర్ చెప్పాడు" అని తేలితే, రాసినవాడికి పెద్దాచిన్నా లేదనో, ఆ మేనేజరుకు సంస్థలో విలువ లేదనో పాఠకుడు అనుకుంటాడు. తనకు చేసిన మర్యాద అతనికి మరొకరి పట్ల అమర్యాదగా కనిపిస్తుంది. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల మండలి 2007లో ఇచ్చిన మార్గదర్శకాలు గౌరవ భాషను ఐదు రకాలుగా విభజించాయి. ఎదుటివారిని పెంచే రూపాలకూ, తమను తగ్గించుకునే రూపాలకూ అందులో వేర్వేరు స్థానాలున్నాయి. తెలుగు క్రియకు ఉన్న "ఆడు, ఆరు" అనే రెండు గదుల్లో ఆ ఐదూ ఇమడవు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే యంత్రం ఎలా నేర్చుకుంటుందో కొంచెం చూడాలి. 2016 చివర్లో గూగుల్ తన అనువాద సేవను నాడీజాల పద్ధతికి మార్చడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ రంగమంతా దాదాపు అదే దారిలో ఉంది. మనుషులు అనువదించిన లక్షలాది వాక్యాల జంటలను చూపించి, ఈ వాక్యం వస్తే అవతలి భాషలో తర్వాతి ముక్క ఏది రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కకట్టడం యంత్రానికి నేర్పుతారు. ఆ జంటల్లో ఉన్న అలవాటే యంత్రానికి అలవాటవుతుంది. తెలుగుకు దొరికే సమాంతర పాఠాల్లో ఇంగ్లీషు ఒకవైపు ఉన్నవే ఎక్కువ. 2021లో భారతీయ భాషల కోసం విడుదలైన సమానంతర్ అనే పెద్ద సంకలనం కూడా ప్రధానంగా ఇంగ్లీషుకూ పదకొండు భారతీయ భాషలకూ మధ్య జంటలను సేకరించినదే. అందుకే జపనీస్, తెలుగు వంటి జంటకు నేరుగా నేర్పే బదులు, మొదట ఇంగ్లీషులోకి, తర్వాత తెలుగులోకి మార్చే పద్ధతి చాలాకాలంగా వాడుకలో ఉంది. 2020లోనూ 2022లోనూ మెటా సంస్థ విడుదల చేసిన బహుభాషా నమూనాలు మధ్యలో ఇంగ్లీషు లేకుండా భాష నుంచి భాషకు నేరుగా మార్చగలవు గాని, ఏ యాప్ లోపల ఏ దారి నడుస్తోందో వాడేవారికి తెర మీద కనిపించదు.

ఇంగ్లీషు మధ్యవర్తిగా ఉన్నప్పుడు నష్టం రెండు మజిలీల్లో జరుగుతుంది. మొదటి మజిలీలో జపనీస్ వాక్యంలోని గౌరవ స్థాయి, దాన్ని తప్పనిసరిగా చూపించే వ్యాకరణం లేని ఇంగ్లీషులో చాలావరకు ఆవిరవుతుంది. రెండో మజిలీలో ఆ ఇంగ్లీషు వాక్యాన్ని అందుకున్న యంత్రం, ఆవిరైన స్థాయిని తన దగ్గరున్న అలవాటు ప్రకారం మళ్లీ తయారుచేస్తుంది. పత్రికా భాషలా కనిపించే వాక్యానికి "మీరు" వస్తుంది, పొట్టిగా సంభాషణలా కనిపించే వాక్యానికి "నువ్వు" రావచ్చు. బైబిలు అనేక భాషల్లో దొరికే సమాంతర పాఠం కావడం వల్ల, ఒక్కోసారి ఎక్కడినుంచో "నీవు" కూడా ఊడిపడుతుంది. ఒకే ఉత్తరంలో మొదటి వాక్యం "మీరు" అని, మూడో వాక్యం "నీ అభిప్రాయం చెప్పు" అని వస్తే, రాసినవారు మధ్యలో స్వరం మార్చారని అర్థం కాదు. యంత్రం ఆ రెండు వాక్యాలనూ దేనికది విడిగా చూసిందని మాత్రమే అర్థం.

నాణ్యతను కొలిచే పద్ధతులు కూడా ఈ లోపాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. 2002లో ఐబీఎం పరిశోధకులు ప్రతిపాదించిన బ్లూ అనే కొలమానం, యంత్రం రాసినదానికీ మనిషి రాసిన నమూనాకూ మధ్య ఎన్ని మాటల వరుసలు కలిశాయో లెక్కపెడుతుంది. ఇరవై మాటల వాక్యంలో "మీరు పంపండి" బదులు "నువ్వు పంపు" అని వస్తే పోయేవి రెండు మాటలే. అందుకున్న పెద్దమనిషికి ఆ రెండు మాటలే ఉత్తరమంతా అవుతాయన్న సంగతి ఆ లెక్కలోకి రాదు.

పరిశోధకులు దీన్ని గుర్తించలేదని కాదు. 2016లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంగ్లీషు వాక్యం చివర ఒక చిన్న గుర్తు తగిలించి, జర్మన్ అనువాదంలో గౌరవ సర్వనామం రావాలో, చనువు సర్వనామం రావాలో నిర్దేశించవచ్చని చూపారు. ఆ తర్వాత కొన్ని సేవల్లో మర్యాద స్థాయిని ఎంచుకునే మీట కూడా వచ్చింది. అయితే ఇది రాసేవారికి పనికొచ్చే సాధనం, చదివేవారికి కాదు. చదివేవారికి కావలసింది దీనికి సరిగ్గా ఎదురైనది: మూలంలో ఏ స్థాయి ఉందో చెప్పే సూచన. జర్మన్‌లో ఇన్నాళ్లూ "జీ" అని గౌరవంగా రాస్తూ వచ్చిన వ్యక్తి ఒకరోజు "దూ" అని చనువుగా రాస్తే, అది వారిద్దరి పరిచయంలో ఒక సంఘటన. సాధారణంగా వయసులోనో హోదాలోనో పెద్దవారే ఆ మార్పును ప్రతిపాదిస్తారు. తెలుగు తెర మీద నిన్నా "మీరు", ఇవాళా "మీరు" అని కనిపిస్తే, స్నేహంగా చాచిన చెయ్యి చదివేవారికి కనిపించదు, పాత దూరంలోనే జవాబు వెళ్తుంది.

భాష రానివారు ఇవన్నీ ఎలా పసిగట్టాలన్నది సహజమైన ప్రశ్న. చాలామంది చేసే మొదటి పని, వచ్చిన తెలుగును మళ్లీ జపనీస్‌లోకి మార్చి, తిరిగి తెలుగులోకి తెచ్చి చూడటం. ఈ పరీక్ష పెద్దగా పనికిరాదు. "కొంచెం కష్టం కావచ్చు" అనే వాక్యం ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగినా "కొంచెం కష్టం కావచ్చు" గానే వస్తుంది. యంత్రం తన మాట మీద తాను నిలబడిందని అది రుజువు చేస్తుంది గాని, రాసినవారి ఉద్దేశం చేరిందని రుజువు చేయదు. అంతకన్నా ఉపయోగపడేది, ఒకే వాక్యాన్ని రెండు వేర్వేరు సేవల్లో వేసి, వచ్చిన రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చూడటం. తేదీలూ సంఖ్యలూ వస్తువుల పేర్లూ రెండింటిలోనూ కలుస్తాయి. ఒకచోట "నేను" ఉండి మరోచోట "మేము" ఉన్నా, ఒకచోట "చెప్పాడు" ఉండి మరోచోట "చెప్పారు" ఉన్నా, అక్కడ మూలంలో ఆ సంగతి బహుశా లేదని, ఎవరికి వారు ఊహించారని అనుమానించవచ్చు. అలాంటి మాటల మీద ఏ అభిప్రాయమూ ఏర్పరచుకోకపోవడమే క్షేమం.

ఇంగ్లీషు కొంత వచ్చినవారు తెలుగు పాఠంతో పాటు ఇంగ్లీషు పాఠాన్నీ చూడటం మంచిది, అది మరింత సరైనదని కాదు, గౌరవాన్ని అదనంగా కల్పించే మజిలీ ఒకటి తగ్గుతుందని. ఉత్తరాన్ని ఒక్కో వాక్యంగా కాక మొత్తంగా అతికించడం, పాత ఉత్తరాలు ఉంటే వాటితో కలిపి చూడటం కూడా కొంత మేలు చేస్తుంది. సందర్భం మొత్తాన్నీ చూడగల కొత్త తరం వ్యవస్థలు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో కొంతవరకు పట్టుకుంటాయి. అయినా ఇద్దరి మధ్య ఉన్న పాత సంబంధం, అంతకుముందు ఫోన్‌లో జరిగిన మాటలు ఆ పాఠంలో ఉండవు కాబట్టి, ఒక హద్దు దాటి అవి కూడా చెప్పలేవు.

ఇక ఉత్తరాన్ని చదివే పద్ధతికి వస్తే, అనువాదంలో మెత్తదనాన్ని సూచించే మాటలను వేరు చేసి చూడటం ఒక మంచి అలవాటు. కొంచెం, కావచ్చు, భావిస్తున్నాను, సంతోషిస్తాను వంటివాటిని తాత్కాలికంగా తీసేస్తే, పై ఉత్తరంలో మిగిలేది: ఈ నెలాఖరు కష్టం, పరిశీలిస్తాం, డ్రాయింగ్ తనిఖీ చేయాలి. ఆ తర్వాత ఒక్కోదానికీ ఒకే ప్రశ్న వేయాలి: దీని వెంట తేదీ గాని చేసేవారి పేరు గాని ఉందా? కష్టం అన్నచోట ప్రత్యామ్నాయ తేదీ లేదు, పరిశీలిస్తాం అన్నచోట గడువు లేదు. అవకాశం నిజంగా ఉండి ఉంటే రాసేవారు ఎక్కడో ఒకచోట దాన్ని అంకెల్లో చూపేవారు. ఈ పద్ధతి ప్రతి భాషకూ సరిపోదు. మెత్తని మాటలు నిజంగానే అనిశ్చితిని సూచించే భాషలూ, మనుషులూ ఉన్నారు. అందుకే దీన్ని తీర్పుగా కాక అనుమానంగా పెట్టుకొని, జవాబులోనే తేల్చుకోవాలి.

ఆ జవాబు కూడా అవతలివైపు యంత్రం గుండానే వెళ్తుందన్న సంగతి మరచిపోకూడదు. తెలుగు మర్యాదలు కూడా అదే దారిలో చిక్కుకుంటాయి. "వివరాలు పంపగలరు" అని మనం రాసేది మర్యాదగా చేసిన కోరిక. యంత్రం దాన్ని వాచ్యంగా తీసుకుంటే, వివరాలు పంపే శక్తి మీకు ఉందన్న ప్రకటనగానో, పంపుకోవచ్చని ఇచ్చిన అనుమతిగానో మారే ప్రమాదం ఉంది. "వీలు చూసుకొని పంపండి" అన్నది, తొందరేమీ లేదన్న మాటగా చేరుతుంది. "మీరే చెప్పాలి" అన్నది నిష్ఠూరంగా రాసినా, నిర్ణయం మీదేనని అప్పగించినట్లు వినిపిస్తుంది. అందువల్ల యంత్రం గుండా వెళ్లే ఉత్తరంలో మర్యాదనూ విషయాన్నీ ఒకే వాక్యంలో కలపకుండా, మర్యాదకు ఒక వాక్యం, విషయానికి ఒక వాక్యం విడిగా కేటాయించడం మేలు. మర్యాద వాక్యం దారిలో కొంత నలిగినా, విషయం చెక్కుచెదరకుండా చేరుతుంది. ప్రతి వాక్యానికీ కర్త ఉండాలి, తేదీలు అంకెల్లో ఉండాలి, "అది, ఇది, ఆ సంగతి" అనే బదులు వస్తువు పేరే మళ్లీ రాయాలి. చదవడానికి ఇది మొరటుగా ఉంటుంది, నిజమే. చేరవలసిన చోట మొరటుదనం చాలావరకు సర్దుకుంటుంది, ఎందుకంటే జపనీస్‌లోకి వెళ్లేటప్పుడు ఉత్తరం మర్యాద రూపంలో ముగిసే వాక్యాలతోనే సాధారణంగా తయారవుతుంది.

పై ఉత్తరానికి జవాబు ఇలా ఉండవచ్చు: "మీ ఉత్తరానికి ధన్యవాదాలు. ఈ నెల 30 లోపల సరుకు పంపడం మీ సంస్థకు సాధ్యం కాదని నేను అర్థం చేసుకున్నాను. ముందు అనుకున్న తేదీకే సరుకు వస్తే నాకు సమ్మతమే. నేను డ్రాయింగ్‌ను రెండు రోజుల్లో తనిఖీ చేసి పంపుతాను. నేను అర్థం చేసుకున్నది తప్పయితే దయచేసి తెలియజేయండి." ఇందులో ప్రశ్న లేదు. "పంపగలరా, పంపలేరా" అని సూటిగా అడిగితే అవతలివారు కాదు అనే మాటను మళ్లీ మెత్తగా చుట్టవలసి వస్తుంది, అది మళ్లీ యంత్రంలో పడి మళ్లీ "కొంచెం కష్టం కావచ్చు" అని తిరిగివస్తుంది. అర్థం చేసుకున్నదాన్ని వాక్యంగా రాసి పంపితే, కాదు అనవలసిన భారం వారి మీద ఉండదు; ఆ అవగాహన సరైనదైతే ధన్యవాదాలు చెప్పి ఊరుకుంటారు, తప్పయితే సరిదిద్దడం వారికి తేలిక.

దీనికి వచ్చే జవాబులో డ్రాయింగ్ ప్రస్తావన ముందుకు వచ్చి, తేదీ ప్రస్తావన లేకుండా పోతే, పాత తేదీ ఖాయమైనట్లే తీసుకోవచ్చు. అలా కాకుండా అనుకున్న తేదీ గురించి కూడా "కొంచెం కష్టం" అనే మాట కనిపిస్తే, మరింత గట్టిగా అడగడం వల్ల ప్రయోజనం ఉండదు. అప్పుడు రెండు తేదీలను అంకెల్లో రాసి, వాటిలో ఏది వీలవుతుందో ఎంచుకోమని అడగాలి. ఎంచుకున్న అంకెను యంత్రం మెత్తబరచలేదు.